ఇంటర్న్ ఆఖరి రోజు రాసే మెయిల్

రెండేళ్ల కిందట జూన్ నెల ఆఖరి శుక్రవారం, సాయంత్రం 5.40కి మా టీమ్ అందరికీ ఒక మెయిల్ వచ్చింది. ఆరు నెలలు మాతో పనిచేసిన ఇంటర్న్ రాసిన వీడ్కోలు మెయిల్ అది. నేనప్పుడు మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి, చదివి, నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చునేసరికి ఆరున్నర దాటింది. పంపిన జవాబు నిమిషంలో తిరిగొచ్చేసింది. ఆ చిరునామా ఇక పనిచేయడం లేదట. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ అప్పజెప్పి వెళ్లిపోయాడు. ఆరింటికి అతని అకౌంట్ మూసేశారు. మెయిల్ అడుగున సొంత ఐడీ లేదు, ఫోన్ నంబరూ లేదు. సోమవారం హెచ్ఆర్ వాళ్లను అడిగి నంబరు తీసుకుని నేను ఫోన్ చేశాను గానీ, ఆ సాయంత్రం అతనికి జవాబు రాసిన మరో నలుగురి మాటలు అతనికి ఎప్పటికీ చేరలేదు. ‘నా మెయిల్ ఎవరూ పట్టించుకోలేదు సార్ అనుకున్నాను’ అన్నాడు ఫోన్‌లో. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బీటెక్ చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలు ఏటా జనవరిలో ఇద్దరో ముగ్గురో మా టీమ్‌లో చేరతారు, జూన్‌లో వెళ్తారు. కోడ్ రాయడం, అడిగి తెలుసుకోవడం, మీటింగ్‌లో మాట్లాడటం అన్నీ ఈ ఆరు నెలల్లో ఎవరో ఒకరు నేర్పుతారు. వెళ్లేరోజు నలుగురికీ థ్యాంక్స్ చెబుతూ ఏం రాయాలో మాత్రం ఎవరూ నేర్పరు. అందుకే పిల్లలు ఇంటర్‌నెట్‌లో దొరికిన నమూనాను తీసుకుని పేర్లు మార్చి పంపేస్తారు. ఆ నమూనా మెయిల్ ఎందుకు ఎవరినీ కదిలించదో, కదిలించే మెయిల్ ఎలా తయారవుతుందో పోయినేడాది ఒక అమ్మాయితో కలిసి కూర్చున్నప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. అదే ఇక్కడ చెబుతాను.

ఆ అమ్మాయిది గోదావరి జిల్లాల్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. మా టీమ్ టికెట్ బుకింగ్ లెక్కలు చూస్తుంది. రద్దయిన టికెట్లకు డబ్బు తిరిగి వెళ్లిందా లేదా అని రోజువారీ రిపోర్టు తయారుచేసే పని ఆమెకు ఇచ్చాం. ఆఖరి రోజు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా దగ్గరకు వచ్చి, ‘సార్, రేపు పంపే మెయిల్ ఒకసారి చూస్తారా? ఇంగ్లీషు తప్పులుంటే చెప్పండి’ అంది.

చూశాను. ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా లేదు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: ‘ప్రియమైన టీమ్, ఈరోజు నా ఇంటర్న్‌షిప్ చివరి రోజు. ఈ ఆరు నెలల ప్రయాణం నాకు ఒక అద్భుతమైన అనుభవం. మీ అందరి నుంచి ఎన్నో విషయాలు నేర్చుకున్నాను. మీ మార్గదర్శనానికి, సహకారానికి హృదయపూర్వక కృతజ్ఞతలు. తెలిసీ తెలియక ఏవైనా తప్పులు చేసి ఉంటే క్షమించండి. భవిష్యత్తులో మీతో మళ్లీ పనిచేసే అవకాశం వస్తుందని ఆశిస్తున్నాను.’

‘ఇందులో మన కంపెనీ పేరు తీసేసి, పక్క బిల్డింగ్‌లో ఉన్న కంపెనీ పేరు పెట్టి పంపితే తేడా ఏమైనా తెలుస్తుందా అమ్మా?’ అని అడిగాను. కాసేపు చూసి, తెలియదని తల ఊపింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా, ఆడిటర్ ఆఫీసు అయినా, మందుల ఫ్యాక్టరీ అయినా ఈ మెయిల్ సరిపోతుంది. అన్నిచోట్లా సరిపోయే మెయిల్‌లో ఆమె ఎక్కడా కనిపించదు, మేమూ కనిపించం.

కృతజ్ఞత అనే మాటను మనం అంతగా వాడి వాడి అర్థం పట్టించుకోవడం మానేశాం. కృతం అంటే చేసినది. కృతజ్ఞుడు అంటే చేసినదాన్ని ఎరిగినవాడు. అంటే ఎదుటివాళ్లు తన కోసం ఏం చేశారో తెలిసి ఉండటమే ఆ మాటకు అసలు అర్థం. పొగడ్త అందులో లేదు, వినయం ప్రదర్శించడమూ లేదు. ఆ అమ్మాయి డ్రాఫ్టులో కృతజ్ఞతలు అనే మాట ఉంది గానీ, మేం చేసినదేదీ లేదు. ‘మార్గదర్శనం’ అంది. ఎవరు, ఏరోజు, ఏ దారి చూపారు? ఆ సంగతి ఆమెకు తెలుసు. మెయిల్‌కు మాత్రం తెలియదు.

ఒక తెల్లకాగితం ఇచ్చి, టీమ్‌లో ఉన్న ఎనిమిది మంది పేర్లు వరసగా రాసి, ఒక్కొక్కరి పక్కన వాళ్లు నీకోసం చేసిన ఒక్క పని తెలుగులోనే రాయమన్నాను. ఇంగ్లీషులో రాయమంటే మళ్లీ ఆ నమూనా మాటలే ముందుకొస్తాయి. మనకు ఏదైనా నిజంగా గుర్తొచ్చేది మనం ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే. ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది. ఆరు పేర్ల పక్కన రాసింది, రెండు ఖాళీగా ఉన్నాయి.

మొదటి పేరు టెస్టింగ్ చూసే సహోద్యోగిది. ఆ కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చివరికి మెయిల్ అంతా దాని చుట్టూనే నిలబడింది. మార్చిలో ఆ అమ్మాయి చేసిన రిపోర్టు, బ్యాంకు నుంచి వచ్చే లెక్కతో కలవలేదు. ఏ రోజు చూసినా కొన్ని టికెట్లు తేడా. ముందురోజు ఎక్కువ, మర్నాడు తక్కువ. మూడు రోజులు కోడ్ అంతా వెతికింది, దొరకలేదు. భయపడి ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు టెస్టింగ్ చూసే ఆవిడ పక్కన కూర్చుని, తప్పేమిటని అడగకుండా, ‘తేడా వచ్చిన వరసలన్నీ ఏ టైముకి రద్దయినవో చూశావా?’ అని మాత్రం అడిగారట. చూస్తే అన్నీ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5.30 మధ్యవే. అప్పుడు వెలిగింది. సర్వర్ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తోంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. 15వ తేదీ తెల్లవారుజామున మూడింటికి రద్దయిన టికెట్ సర్వర్ లెక్కలో 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర. రిపోర్టు దాన్ని 14 కింద వేసింది, బ్యాంకు 15 కింద వేసింది. తేదీ తీసే ముందు సమయాన్ని మన లెక్కలోకి మార్చుకోవాలి, అంతే. సరిదిద్దింది ఒక్క లైను.

‘ఆవిడ జవాబు చెప్పేయొచ్చు సార్, ఆవిడకు తెలుసు. చెప్పకుండా అడిగారు. అప్పట్నుంచి లెక్క తప్పితే ముందు తేడాలన్నీ ఒకచోట పెట్టి వాటిలో ఏముందా అని చూస్తున్నాను’ అంది. ‘మరి ఇది రాయకుండా హృదయపూర్వక కృతజ్ఞతలు అని రాశావేంటి?’ అన్నాను.

మిగతావాళ్ల పక్కన ఇంకా చిన్నవి ఉన్నాయి. మొదటి రోజు క్యాంటీన్‌కు తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్న కుర్రాడు. ఆమె కోడ్ మీద ముప్పై రెండు వ్యాఖ్యలు రాసి, మర్నాడు వచ్చి ప్రతిదీ ఎందుకో గంటసేపు చెప్పిన సీనియర్. క్లయింట్ ముందు డెమో ఇచ్చేటప్పుడు స్క్రీన్ ఆగిపోతే, ‘రెండు నిమిషాలు ఆగుదాం, తను మొదలుపెడుతుంది’ అని ఆమె చోటు ఆమెకే ఉంచిన మేనేజర్. ఇవేవీ గొప్ప సంఘటనలు కావు. చేసినవాళ్లలో సగం మందికి గుర్తు కూడా ఉండవు. అందుకే రాయాలి. తాను మరచిపోయిన పని మరొకరికి ఉపయోగపడిందని తెలిసినప్పుడు మనిషికి కలిగే సంతోషం వేరు.

ఖాళీగా ఉన్న రెండు పేర్ల గురించి అడిగితే, ‘వాళ్లతో పెద్దగా పని పడలేదు సార్, కానీ పేరు రాయకపోతే బాధపడతారేమో’ అంది. ఇది నిజమైన చిక్కు. ఎనిమిది మందిలో ఆరుగురి పేర్లు రాసి ఇద్దరివి వదిలేస్తే ఆ ఇద్దరే ముందు గమనిస్తారు. అలాగని లేనిది కల్పించి రాస్తే ఆ ఇద్దరికే ముందు తెలుస్తుంది. దీనికి దారి ఉంది. అందరికీ పంపే మెయిల్‌లో ఎనిమిది పేర్ల జాబితా పెట్టనక్కర్లేదు. టీమ్ మొత్తం కలిసి చేసిన ఒక పని, ఒకటి రెండు సంఘటనలు చాలు. ఒక్కొక్కరికి చెప్పాల్సింది వాళ్లకు విడిగా చెప్పాలి. విడిగా రాసే రెండు వాక్యాలు నలుగురిలో చదివే పేరు కంటే ఎక్కువ నిలుస్తాయి.

పేర్ల వరస గురించి కూడా పిల్లలు చాలా మథనపడతారు. పెళ్లి శుభలేఖలో పెద్దల పేర్లు ముందు వేసినట్టు, ఇక్కడా హోదా ప్రకారం రాయాలేమోనని. ముందు డైరెక్టర్, తర్వాత మేనేజర్, తర్వాత లీడ్, చివర తోటి ఇంటర్న్. అలా రాస్తే ఆఫీసు ఆర్డరులా ఉంటుంది. జరిగిన వరసలో రాస్తే ఎవరూ నొచ్చుకోరు. జనవరిలో జరిగింది ముందు, మే నెలలో జరిగింది తర్వాత. హోదా ప్రశ్నే రాదు.

డ్రాఫ్టులో ఇంకో రెండు వాక్యాలు తీయించాను. మొదటిది క్షమాపణ. వీడ్కోలు చెప్పేటప్పుడు తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమనడం మన అలవాటు, అందులో సంస్కారం ఉంది. కానీ ఆఫీసు మెయిల్‌లో అది ఏ తప్పుకూ చెందని క్షమాపణ. దాని బదులు తప్పొకటి పేరుపెట్టి చెప్పుకోవడం మేలు. ఆమె తప్పు తేదీ లెక్క కాదు, అది ఎవరికైనా జరుగుతుంది. మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకోవడమే తప్పు. అది రాస్తే అందరికీ ఆమె ఏం నేర్చుకుందో తెలుస్తుంది. రెండోది, మళ్లీ పనిచేసే అవకాశం గురించిన వాక్యం. ఇంటర్న్‌షిప్ తర్వాత ఉద్యోగం ఇస్తారా లేదా అన్నది ఇంకా తేలని సమయం. ఎనిమిది మంది చదివే థ్యాంక్స్ మెయిల్‌లో ఆ ఆశ పెడితే, ముందున్న ఐదు వాక్యాలూ దానికోసమే రాసినట్టు అయిపోతాయి. ఉద్యోగం గురించి అడగాలంటే మేనేజర్‌కు విడిగా రాయాలి, అడగడంలో తప్పేమీ లేదు. సిఫారసు లేఖ కావాలన్నా అంతే. థ్యాంక్స్‌తో కలపకూడదు.

మూడో సారి రాశాక మెయిల్ ఇలా వచ్చింది. ఆమె రాసింది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంత వరకు తెలుగులో చెబుతున్నాను:

‘అందరికీ నమస్కారం. ఈరోజు నా ఆఖరి రోజు. జనవరిలో వచ్చినప్పుడు రోజూ ఉదయం జరిగే స్టాండప్‌లో ఏం మాట్లాడాలో తెలియక రెండు వారాలు “నిన్నటి పనే చేస్తున్నాను” అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, తొందరపెట్టలేదు. మార్చిలో రిపోర్టు తేదీలు తప్పినప్పుడు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. అది నేను చేసిన పొరపాటు. నాలుగో రోజు నాకు జవాబు ఇవ్వకుండా సరైన ప్రశ్న ఒకటి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఏదైనా ఆగిపోతే ఒక పూట దాటకుండా అడుగుతున్నాను, మీరెవరూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రిపోర్టు ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగే అవకాశం ఉందో రాసి టీమ్ ఫోల్డర్‌లో పెట్టాను. నెలాఖరున సెలవు రోజు వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఇంకా పూర్తికాలేదు, అదీ అందులో రాశాను. నాకోసం మీరు వెచ్చించిన సమయానికి ధన్యవాదాలు. నా సొంత మెయిల్ ఐడీ కింద ఇస్తున్నాను. రిపోర్టు విషయంలో సందేహం వస్తే రాయండి.’

ఇందులో గమనించదగ్గది పూర్తికాని పని గురించిన వాక్యం. వీడ్కోలు మెయిల్‌లో అదెందుకని అనిపించవచ్చు. ఇంటర్న్ వెళ్లాక టీమ్‌కు మిగిలేది ఆ అమ్మాయి రాసిన కోడ్, అందులో మిగిలిపోయిన పని. ఎక్కడ ఆగిందో చెప్పకుండా వెళ్తే, ఆగస్టులో ఎవరో ఒకరు రెండు రోజులు దాన్ని వెతుక్కోవాలి. తనకు సమయం ఇచ్చినవాళ్ల సమయాన్ని ఆదా చేయడం కూడా థ్యాంక్స్ చెప్పడంలో భాగమే. నా దృష్టిలో మెయిల్ మొత్తంలో అన్నిటికంటే బరువైన వాక్యం అది.

మొదటి డ్రాఫ్టుకూ రెండో డ్రాఫ్టుకూ మధ్య ఒక ప్రమాదం కూడా తప్పింది. రెండోసారి రాసినప్పుడు ఉత్సాహంలో తేదీ తప్పు కథ అంతా రాసేసింది. క్లయింట్ పేరు, ఎన్ని టికెట్లు తేడా వచ్చాయి, ఎంత సొమ్ము, అన్నీ. పంపాల్సిన చిరునామాలో టీమ్ గ్రూపు ఐడీ పెట్టింది. మెయిల్ రాసే చోట ఆ గ్రూపు పేరు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి చూడమన్నాను. గ్రూపు విడిపోయి పేర్లన్నీ కనిపించాయి. మేం ఎనిమిది మందిమే అనుకున్న గ్రూపులో ఇరవై ముగ్గురున్నారు. ప్రాజెక్టు మొదట్లో ఎవరో చేర్చిన క్లయింట్ మనుషులు నలుగురు అందులోనే ఉన్నారు. మార్చిలో తేడా వచ్చిన సంగతి వాళ్లకు మేనేజర్ చెప్పాల్సిన పద్ధతిలో చెప్పారు. అదే సంగతి ఇంటర్న్ వీడ్కోలు మెయిల్‌లో అంకెలతో సహా కనబడితే ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే చివరి మెయిల్‌లో ‘రిపోర్టు తేదీలు తప్పినప్పుడు’ అన్న రెండు మూడు మాటలే మిగిలాయి. తెలిసినవాళ్లకు అది చాలు, తెలియనివాళ్లకు అందులో ఏమీ అందదు. గ్రూపు ఐడీ తీసేసి ఎనిమిది పేర్లు విడివిడిగా పెట్టింది.

ఇక టైము. ఆఖరి రోజు ఉదయం పది, పదకొండు మధ్య పంపడం మంచిదని నా అనుభవం. సాయంత్రం పంపితే జవాబులు చదివే అవకాశం ఉండదు. రెండేళ్ల కిందటి అబ్బాయికి జరిగింది అదే. ఆఖరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించాలి, ఐడీ కార్డు ఇవ్వాలి, హెచ్ఆర్ వాళ్లతో సంతకాలుంటాయి. ఈ హడావిడిలో మెయిల్ రాయడం వాయిదా పడుతూ పోతుంది. కాబట్టి ముందురోజే రాసి డ్రాఫ్టులో పెట్టుకోవాలి. సొంత ఐడీ కచ్చితంగా ఇవ్వాలి. కాలేజీ ఇచ్చిన ఐడీ వద్దు, చదువు అయిపోయాక అదీ మూసేయవచ్చు.

వచ్చిన మంచి జవాబులను దాచుకుందామని ఆఫీసు మెయిల్ నుంచి సొంత ఐడీకి ఫార్వర్డ్ చేసేస్తుంటారు కొందరు. ఆ పని చేయకండి. ఆఫీసు నుంచి బయటి చిరునామాకు వెళ్లేవాటిని చాలా కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ కనిపెడుతుంది, ముఖ్యంగా వెళ్లిపోయేవాళ్ల అకౌంట్లపై కన్ను ఎక్కువ ఉంటుంది. జవాబు కింద పాత మెయిళ్ల గొలుసు అతుక్కుని ఉంటే అందులో ఏ ఫైలుందో మీకే తెలియదు. నచ్చిన మాటలను ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. ఆ అమ్మాయి అలాగే రాసుకుంది.

గురువారం సాయంత్రం టెస్టింగ్ ఆవిడకు, తన కోడ్ చూసిన సీనియర్‌కు విడిగా రాసింది. ఆ రెండూ నేను చూడలేదు, చూపించమని అడగలేదు. ఒకరికే రాసేది మరొకరు దిద్దకూడదు. అందులో ఇంగ్లీషు తప్పులున్నా ఫరవాలేదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఈ సందర్భంలో గుర్తొస్తుంది. తమ జీవితంలో మేలు చేసినవారికి ఉత్తరాలు రాయమని కొందరిని అడిగి, అవి అందుకున్నవాళ్లకు ఎలా అనిపిస్తుందో ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనే అడిగారు. రాసినవాళ్లు తాము ఊహించినదానికంటే అవతలివాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు, అనుకున్నంత ఇబ్బందీ పడలేదు. మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నది రాసేవాళ్ల బెంగే. చదివేవాళ్లు అందులోని ఆప్యాయతనే చూస్తారు. మన పిల్లల విషయంలో నేను చూసిందీ అదే. పంపడానికి వాళ్లను ఆపేది ఇంగ్లీషు భయం. అందుకున్న పెద్దవాళ్లలో ఏ వాక్యం తప్పుందని చెప్పినవాళ్లను నేను ఒక్కర్ని కూడా చూడలేదు.

మన ఇళ్లలో అయినవాళ్లకు థ్యాంక్స్ చెప్పడం అలవాటు లేదు. అన్నం పెట్టిన అమ్మకు, బస్టాండులో దింపిన బాబాయికి ఎవరూ చెప్పరు. చెబితే ‘నాకేంటిరా థ్యాంక్సులు’ అంటారు, పరాయివాళ్లను చేసినట్టు. అదే సంకోచం ఆఫీసులోనూ వస్తుంది. దగ్గరైనవాళ్లకు చెబితే బాగోదేమోనని, దూరంగా ఉన్న డైరెక్టర్‌కు నాలుగు వాక్యాలు, రోజూ పక్కన కూర్చున్న మనిషికి ఒక్కమాటా లేకుండా మెయిల్ తయారవుతుంది. దగ్గరవాళ్లకు ‘థ్యాంక్స్’ అనే మాట రాయనక్కర్లేదు. ‘ఆ రోజు నువ్వు క్యాంటీన్‌కు పిలవకపోతే నేను తినకుండానే ఉండేదాన్ని’ అని జరిగింది చెబితే అదే థ్యాంక్స్.

మెయిల్ ఐడీ లేని మనుషులూ ఉంటారు. మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆవిడను అందరం అక్కా అనే పిలుస్తాం. ఈ అమ్మాయి కొత్తలో హాస్టల్‌లో టిఫిను దొరక్క ఖాళీ కడుపుతో వస్తుంటే, అక్క గమనించి తన డబ్బాలోంచి ఒక రొట్టె తీసి పెట్టేదట. ఆ సంగతి మెయిల్‌లో రాస్తానంది. వద్దన్నాను. మెయిల్‌లో రాస్తే మేం ఎనిమిది మందిమి చదివి బాగుందనుకుంటాం, అక్కకు మాత్రం చేరదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ప్యాంట్రీలోకి వెళ్లి పావుగంట కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సెక్యూరిటీ దగ్గర కూర్చునే ఆయనకు, రాత్రి ఆలస్యమైన రోజుల్లో హాస్టల్ గేటు దాకా దింపిన క్యాబ్ డ్రైవర్‌కు కూడా నోటితోనే చెప్పింది.

అన్ని ఇంటర్న్‌షిప్‌లూ ఇలా ఉండవని నాకు తెలుసు. నేను చదువుకునే రోజుల్లో ఒక సంస్థలో ఆరు వారాలు శిక్షణకు వెళ్లాను. కుర్చీ ఇచ్చారు, పని ఇవ్వలేదు. అడిగితే రేపు అన్నారు, ఆ రేపు రాలేదు. ఆఖరి రోజు మాత్రం ‘ఎంతో నేర్చుకున్నాను’ అంటూ పేజీ నిండా రాసిచ్చాను, సర్టిఫికెట్ ఆపేస్తారన్న భయంతో. ఆ కాగితం రాసినందుకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. అలాంటి చోట పేజీ నింపాల్సిన పని లేదు. మూడు వాక్యాలు చాలు: ఈరోజుతో నా శిక్షణ ముగిసింది, కూర్చోవడానికి చోటిచ్చి రికార్డులు చూడనిచ్చినందుకు ధన్యవాదాలు, నా దగ్గరున్న ఫైళ్లు ఫలానా వారికి ఇచ్చాను. ఆ ఆఫీసులో స్టోర్ రూమ్ చూసే పెద్దాయన ఒకరు నాకు పాత రిజిస్టర్లు తీసి చూపించేవారు. నిజానికి నేను చెప్పాల్సింది ఆయనకే. చెప్పకుండా వచ్చేశాను. ఫిర్యాదు ఉంటే దాన్ని కాలేజీలో గైడ్‌కు, లేదా వెళ్లేటప్పుడు హెచ్ఆర్ వాళ్లు అభిప్రాయం అడిగినప్పుడు వాళ్లకు, రాతపూర్వకంగా, తేదీలతో చెప్పాలి. వీడ్కోలు మెయిల్ దానికి చోటు కాదు. అలాగని వీడ్కోలు మెయిల్‌లో అబద్ధం రాయాల్సిన అవసరమూ లేదు.

ఆ శుక్రవారం ఉదయం 10.20కి అమ్మాయి మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం లోపు ఎనిమిది మందిలో ఏడుగురు జవాబు రాశారు. ఆమె కాగితం మీద ఖాళీగా వదిలిన ఇద్దరిలో ఒకరు, స్టాండప్‌లో మొదటి రెండు వారాలు తానూ అదే మాట చెప్పేవాణ్నని రాశాడు. టెస్టింగ్ ఆవిడ జవాబు రాయలేదు. నేరుగా ఆమె సీటు దగ్గరకు వెళ్లారు. ఆగస్టు నెలాఖరు సెలవు రోజున రిపోర్టు ఆగింది. మా కుర్రాడు ఫోల్డర్‌లో ఆమె రాసిన పేజీ తెరిచి గంటలోపు దాన్ని నడిపించాడు. ఆమె ఇచ్చిన ఐడీకి ఆ సంగతి రాశాడు, ఆమె ఆ సాయంత్రమే జవాబిచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జూన్‌తో ఇంటర్న్‌షిప్ ముగుస్తుంటే, ముందురోజు ఒక తెల్లకాగితం వాళ్ల చేతిలో పెట్టండి.